టైరు మీద 51, డోర్ దగ్గర 32: ఎనిమిది నెలలు తప్పు నంబర్‌తో తిరిగా

కొత్త టైర్లు వేయించుకున్న వారానికి నేనే గాలి కొట్టుకుందామని చిన్న పంపు కొన్నాను, ఎంత కొట్టాలో చూద్దామని వంగి టైరు పక్క గోడ మీద చదివితే మ్యాక్స్ లోడ్ 615 కేజీలు, మ్యాక్స్ ప్రెషర్ 51 పీఎస్ఐ అని ఉంది. టైరు తయారుచేసినవాళ్లే రాశారు కదా అని, 51 దాకా ఎందుకులే అనుకుని నాలుగింటికీ 48 కొట్టేశా.

మొదటి రోజే తేడా తెలిసింది. చిన్న గతుకు మీద ఎక్కినా నడుముకి తగిలేది, స్టీరింగ్ మాత్రం తేలికైపోయింది, కొత్త టైర్లు కదా అలాగే ఉంటాయనుకున్నా. వానాకాలంలో ఒకసారి సిగ్నల్ దగ్గర బ్రేక్ వేస్తే బండి అనుకున్నచోట ఆగకుండా కాస్త జారి ఆగింది, ఏబీఎస్ టకటకా కొట్టుకుంది. డ్యాష్‌బోర్డులో టైరు లైటు వెలగలేదు, ఎందుకంటే నా బండిలో అది గాలి తగ్గితేనే చెప్తుంది, ఎక్కువైతే చెప్పదు.

ఎనిమిది నెలల తర్వాత ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించడానికి వెళ్తే మెకానిక్ అన్న ట్రెడ్ లోతు కొలిచి చూపించాడు, అంచుల్లో 6 మిల్లీమీటర్లు, మధ్య గాడిలో నాలుగున్నర. "తమ్ముడూ, గాలి ఎక్కువ కొడుతున్నావా?" అన్నాడు. టైరు మీద రాసిందాని కంటే తక్కువే అన్నాను. ఆయన డ్రైవర్ డోర్ తెరిచి లోపల స్తంభం మీద ఉన్న స్టిక్కర్ చూపించాడు. ఇన్నేళ్లూ రోజూ ఆ డోర్ తీసి ఎక్కుతున్నా, ఒక్కసారీ చదవలేదు. ఇద్దరు ముగ్గురు ఎక్కితే ముందు 32, వెనక 30, ఫుల్ లోడ్‌కి ముందు 35, వెనక 38 అని ఉంది.

ఆయన చెప్పింది, తర్వాత నేను లెక్కేసుకుంది కలిపి రాస్తున్నా. టైరు చేసినవాళ్లకి అది ఏ బండికి పడుతుందో తెలీదు, అదే సైజు టైరు తేలిక బండికీ వేస్తారు, బరువు బండికీ వేస్తారు. కాబట్టి వాళ్లు చెప్పగలిగేది ఒక్కటే, చల్లగా ఉన్నప్పుడు ఈ గాలి దాటి కొట్టొద్దు, ఈ బరువు దాటి మోపొద్దు అని. అది హద్దు. డోర్ స్టిక్కర్ రాసినవాళ్లకి ఆ బండి బరువెంత, ఇంజిన్ బరువు ముందు ఎంత పడుతుంది, బ్రేక్ ఎలా పట్టాలి అన్నీ తెలుసు, అందుకే ముందుకీ వెనక్కీ వేరే నంబర్లు. నా బండి ముందు టైరు ఒక్కోదాని మీద పడేది సుమారు 360 కేజీలు, 615కి చాలా దూరం, అంటే 51 దాకా గాలి అడిగే బరువే అక్కడ లేదు.

32 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు రెండుంపావు కేజీలు, 360ని దాంతో భాగిస్తే రోడ్డుని పట్టుకునే జాగా 160 చదరపు సెంటీమీటర్లు. నేను కొట్టిన 48కి అదే లెక్క చేస్తే 107. టైరు గోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే, నిజంగా అంత తగ్గకపోవచ్చు, కానీ ఎటు పోతుందో అర్థమవుతుంది. ఉన్న జాగాలోనూ మధ్య భాగం ఉబ్బి అదే ఎక్కువ మోస్తుంది, అందుకే మధ్యలో అరిగింది.

సరిచేయడం పెద్ద పనేం కాదు, కానీ వేళ చూసుకోవాలి. స్టిక్కర్ నంబర్ చల్లని టైరుది, అంటే బండి మూడు గంటలైనా ఆగి ఉండాలి. నేను పొద్దున్నే బండి తీయకముందు గేజ్ పెట్టి, వాల్వ్ పిన్ నొక్కి కొంచెం కొంచెం వదిలి, ప్రతిసారీ మళ్లీ కొలిచి, 32కీ 30కీ తెచ్చా. ఆ మధ్యాహ్నం చాలాసేపు నడిపి వచ్చి చూస్తే ముందు 36 చూపించింది, కంగారుపడి వదలబోయి ఆగిపోయా, వేడికి పెరిగిన ఆ నాలుగు ముందే లెక్కలో ఉన్నవే, అప్పుడు వదిలితే మర్నాడు పొద్దున 28కి పడిపోతుంది.

ఒక మెలిక ఉంది, స్టిక్కర్ మీద టైరు సైజు కూడా రాసి ఉంటుంది, ఆ సైజు కాకుండా వేరేది వేయించుకుంటే ఆ గాలి నంబర్ నేరుగా పనికిరాదు, ఆ టైరు లోడ్ టేబుల్ చూసి చెప్పించుకోవాలి. నాది అదే సైజు కాబట్టి ఇబ్బంది రాలేదు. మొన్న ఐదుగురం డిక్కీ నిండా సామాన్లతో బయల్దేరేముందు ముందు టైర్లు 35, వెనకవి 38 చేశా, తిరిగొచ్చాక మర్నాడు పొద్దున మళ్లీ 32కీ 30కీ దించేశా. మధ్యలో అరిగింది మాత్రం తిరిగిరాదు, ఆ టైర్లు అంచుల్లో ఇంకా బాగున్నా మధ్య గాడి అరుగుదల గుర్తు దాకా వచ్చిన రోజే మార్చేయాలి.