గాలి అడ్డంగా వీస్తే వేగం కూడా తగ్గుతుంది

సెలవులకి కడప వచ్చి, మన ఊరి రూట్ మీదే విండ్ ట్రయాంగిల్ గీశాను, అంటే గాలిని లెక్కలోకి తీసుకుని విమానం ముక్కు ఎటు పెట్టాలో చెప్పే త్రిభుజం. కడప నుంచి ఓర్వకల్లు విమానాశ్రయానికి దారి దాదాపు 335 డిగ్రీలు, దూరం 80 నాటికల్ మైళ్లు. చిన్న విమానం, గాలిలో వేగం 100 నాట్లు, అంటే గంటకి 100 నాటికల్ మైళ్లు. నైరుతి గాలి 245 డిగ్రీల నుంచి 25 నాట్లు అనుకున్నా. అంటే సరిగ్గా ఎడమ పక్క నుంచి.

ముక్కు 335కే పెట్టి పోతే 48 నిమిషాల్లో గాలి మనల్ని 20 నాటికల్ మైళ్లు తూర్పుకి నెట్టేస్తుంది. ఓర్వకల్లు బదులు ఆత్మకూరు వైపు తేలతాం, ముందు నల్లమల!

కాగితం మీద కడప నుంచి దారి గీత గీయాలి. అక్కడి నుంచే గాలి వీచే వైపుకి, 65 డిగ్రీలకి, 25 యూనిట్ల గీత. దాని కొనలో కంపాస్ గుచ్చి 100 యూనిట్ల చాపం వేస్తే దారి గీతను ఒక చోట కోస్తుంది. కొన నుంచి ఆ చోటుకి ఉన్న దిశే హెడ్డింగ్, అంటే ముక్కు పెట్టాల్సిన దిశ: సుమారు 320. కడప నుంచి అక్కడికి పొడవే గ్రౌండ్ స్పీడ్, అంటే నేలతో పోలిస్తే మన వేగం: 97 నాట్లు.

నాకు నచ్చింది ఆ 97. ఎదురుగాలి లేకున్నా 3 నాట్లు పోయాయి, ఎందుకంటే ముక్కు పక్కకి తిప్పినప్పుడు వేగంలో కొంత గాలిని ఆపడానికే ఖర్చవుతుంది.

అయితే గాలి సూచన సూచనే. 25 నిమిషాలకి ఆళ్లగడ్డ కుడివైపు దగ్గర్లో కనబడాలి. ఎడమవైపు కనబడిందా, గాలి అనుకున్నదానికన్నా గట్టిగా ఉన్నట్టే. హెడ్డింగ్ ఇంకాస్త ఎడమకి తిప్పాలి.