ఒక్క ‘ని’ కోసం మూడు శనివారాలు

అభ్యాసపత్రం ఈ సాయంత్రం చివరికి నిలబడింది. మూడు శనివారాలు పట్టింది, అదీ ఒక్క ‘ని’ ప్రత్యయానికి!

గాజువాకలో హిందీ మాట్లాడే పెద్దవాళ్ళకు వారానికోసారి తెలుగు చెబుతాను. వాళ్ళలో చాలామంది ‘రవికి పిలిచాను’ అంటారు. మన ‘ని’కీ ‘కి’కీ వాళ్ళకు ‘కో’ ఒక్కటే చాలు మరి. ఆ తప్పును పట్టే పది ఖాళీలు రాయడం ఎంతసేపు అనుకున్నాను. వందల పద్యాలు కంఠతా వచ్చినవాడిని!

మొదటి పత్రంలో ‘నేను ____ చదివాను (పుస్తకం)’ అని ఇచ్చాను. ఒకావిడ ‘పుస్తకం’ అనే రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి ‘పుస్తకాన్ని’ అని దిద్దాను. ఆవిడ సంచిలోంచి దినపత్రిక తీసి, “మాస్టారూ, ఇక్కడ ‘లేఖ రాశారు’ అని ఉంది. ఇదీ తప్పేనా?” అని అడిగారు. తరగతంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. ప్రాణం లేనిది కర్మ అయితే ‘ని’ తరచు వదిలేస్తాం. మాట నేర్చిన నాటినుంచి నేనూ వదిలేస్తున్నాను, ఒక్కనాడూ గమనించలేదు. పైగా ‘పుస్తకం’ కాస్తా ‘పుస్తకాన్ని’ కావడం వేరే పాఠం. ‘సీత’ అని ఇచ్చినచోట ‘సీతను’, ‘సీతని’ రెండూ వచ్చాయి. జవాబు తప్పితే వాళ్ళకు ఏది రాలేదో నాకే తెలియని పత్రం అది.

రెండోసారి ఇకారంతో ముగిసే మనుషుల పేర్లే పెట్టాను: రవి, హరి, మురళి. అందరికీ పదికి పది. సంబరంగా ఇంటికి వచ్చాక వెలిగింది, అన్ని ఖాళీలకూ జవాబు ‘ని’యే! రెండు నింపినవాళ్ళు మిగతావి చదవనక్కరలేదు.

అందుకని ‘హరి__ పిలిచాను’ పక్కన ‘హరి__ డబ్బు ఇచ్చాను’ లాంటివి కలిపాను. జవాబులు చూపకుండా మా ఆవిడకు ఇచ్చి, ప్రతి ఖాళీలో కుదిరేవన్నీ రాయమన్నాను. ‘హరి__ చెప్పాను’ దగ్గర ‘కి’, ‘తో’ రెండూ రాసింది. ఆ ప్రశ్న తీసేశాను. ఈ పరీక్ష మొదటివారమే చేసి ఉంటే పరువు దక్కేది.

వాక్యాలు మార్చే భాగంలో ‘రవి గౌరిని పిలిచాడు’ ఇచ్చి, పిలిచినవారినీ పిలిపించుకున్నవారినీ తారుమారు చేయమన్నాను. ‘గౌరి రవిని పిలిచాడు’ అని వచ్చింది. ‘ని’ ఒప్పు, క్రియ తప్పు; మార్కు వేయాలా వద్దా? గౌరిని తీసి హరిని పెట్టాను. ‘హరి రవిని పిలిచాడు’. ఇప్పుడు క్రియ కదలదు.

ఇరవై అయిదు ప్రశ్నలు లేకపోతే ఫీజు కట్టినవాళ్ళు ఊరుకోరని మా నిర్వాహకుడి గోల. ప్రశ్నలను తూకం వేసి అమ్మే మనిషి! పన్నెండే ఇచ్చాను. ముగ్గురు ‘హరికి పిలిచాను’ అని రాశారు, మిగతావి సరిగానే చేశారు. వచ్చేవారం ఎవరికి ఏం చెప్పాలో తెలిసింది.

ఆ ముగ్గురిలో దినపత్రిక ఆవిడ లేరు.