రాత్రి ఒంటిగంటకే ఆరిపోయే సోలార్ లైటు

మా ఊరి పాల కేంద్రం రోడ్డు చివర ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే జనం క్యాన్లు పట్టుకుని వస్తారు. అక్కడిదాకా కరెంటు స్తంభాలు లేవు కాబట్టి, కేంద్రం పొదుపు డబ్బులతో కార్తీక మాసంలో ఒక సోలార్ వీధి లైటు పెట్టించాం. పైన ప్యానెల్, లోపల బ్యాటరీ, కింద లైటు, అన్నీ ఒకే డబ్బాలో ఉండే రకం. సాయంత్రం ఆరుకి దానంతట అదే వెలిగేది. రాత్రి ఒంటిగంటకల్లా ఆరిపోయేది. పాలు పోసేవాళ్లకి ఒక్కరోజు కూడా పనికిరాలేదు. లెక్కలు చూసేది నేనే కాబట్టి మాటలు పడింది కూడా నేనే.

అమ్మినాయన "కొత్త బ్యాటరీ కదా, నాలుగు సార్లు చార్జ్ అయితే సర్దుకుంటుంది" అన్నాడు. నెల దాటినా సర్దుకోలేదు. లైటు మీద 30 వాట్లు అని స్టిక్కర్ ఉంది. డబ్బా విప్పి చూస్తే బ్యాటరీ 12.8 వోల్టుల లిథియం, 12 ఆంపియర్ అవర్. ఈ రెండూ గుణిస్తే 153 వాట్ అవర్లు, అంటే ఒక వాటు లైటుని 153 గంటలు వెలిగించేంత నిల్వ. ప్యానెల్ వెనక 40 వాట్లు అని రాసుంది.

"బావా, బ్యాటరీ చిన్నది, అందుకే ఆరిపోతోంది" అన్నాడు మా బావమరిది. వాడు ఎలక్ట్రీషియన్. నాకూ నిజమే అనిపించింది. 30 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ తెచ్చి, ఇంట్లోనే చార్జర్‌తో నిండా చార్జ్ చేసి, స్తంభానికి విడిగా పెట్టె కట్టి బిగించాం. మొదటి రాత్రి తెల్లారేదాకా వెలిగింది. రెండో రాత్రీ వెలిగింది. మూడో రాత్రి ఐదు దాటాక ఆరింది. నాలుగో రాత్రి మళ్లీ ఒంటిగంటకే. అంత డబ్బు పోసి కొన్న బ్యాటరీ నాలుగు రోజులకే పాడైందేమోనని ఒకటే టెన్షన్.

బ్యాటరీలో తప్పేం లేదు. మేం చేసింది ఎలా ఉందంటే, ఓవర్‌హెడ్ ట్యాంకు పెద్దది కట్టించి కింద మోటారు పాతదే ఉంచినట్టు. ఇంట్లో నింపి తెచ్చిన నీళ్లున్నంతకాలం గడిచింది. అవి అయిపోయాక, మోటారు, అంటే మా ప్యానెల్, రోజూ ఎంత పోస్తే అంతే. అది అర్థం కావడానికి మీటరు పట్టుకోవాల్సి వచ్చింది.

ముందు మా బావమరిది దగ్గరున్న క్లాంప్ మీటరు వైరు చుట్టూ పెట్టి చూస్తే సున్నా చూపించింది. లైటు వెలుగుతోంది, మీటరు సున్నా! మామూలు క్లాంప్ మీటరు ఏసీని మాత్రమే కొలుస్తుంది, బ్యాటరీ నుంచి వచ్చేది డీసీ. చివరికి మల్టీమీటరు వైరుని దాని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, బ్యాటరీ వైరు ఊడదీసి మధ్యలో కలిపాం. 1.4 ఆంపియర్లు. అంటే లైటు లాగేది దాదాపు 18 వాట్లు. స్టిక్కర్ మీది 30ని నమ్మి లెక్క వేసుంటే అంతా తప్పేది. బ్యాటరీ దగ్గర కొలవడంలో ఇంకో లాభం ఉంది. మధ్యలో లైటుకి కరెంటు సర్ది పంపే డ్రైవర్ సర్క్యూట్ తినే కరెంటు కూడా ఇందులోనే వచ్చేస్తుంది, విడిగా కలపక్కర్లేదు.

18 వాట్లు పన్నెండు గంటలు వెలిగితే 216 వాట్ అవర్లు కావాలి. మరి ప్యానెల్ ఎంత ఇస్తోంది? చలికాలంలో మా వైపు పడే ఎండని నిండు ఎండ కింద లెక్కగడితే రోజుకి నాలుగున్నర గంటలు అనుకోవచ్చు. 40 వాట్లని నాలుగున్నరతో గుణిస్తే 180. అదంతా బ్యాటరీకి చేరదు. ఈ ప్యానెల్ 18 వోల్టుల దగ్గర 40 వాట్లు ఇస్తుంది. లోపల చార్జింగ్‌ని అదుపు చేసేది మామూలు పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్, అది ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలిపేస్తుంది కాబట్టి వోల్టేజీ 13 దగ్గరికి దిగిపోతుంది. పాతిక శాతం అక్కడే పోయింది. రోడ్డు దుమ్ము ఇంకాస్త తింటుంది. నూటికి డెబ్బై వస్తాయనుకున్నా 126 వాట్ అవర్లే. దాన్ని 18తో భాగిస్తే సరిగ్గా ఏడు గంటలు. ఆరుకి వెలిగిన లైటు ఒంటిగంటకి ఆరుతోందంటే లెక్క తప్పలేదు.

అప్పుడు ఇంకో తిక్క ఆలోచన మానుకున్నాం: 216కి సరిపడా ప్యానెల్ కొనేయడం. రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా ఆ రోడ్డు మీద తిరిగేది కుక్కలే. వాటికి 18 వాట్లు ఎందుకు? రిమోట్‌తో సమయాలు పెట్టుకునే 10 ఆంపియర్ల కంట్రోలర్ వేశాం. ఆరు నుంచి పదకొండు దాకా నిండుగా, నాలుగు దాకా 6 వాట్లు, మళ్లీ ఆరు దాకా నిండుగా. 90, 30, 36 కలిపితే 156 వాట్ అవర్లు. ఒక రోజు ఎండ లేకపోయినా ఆరకూడదంటే రెండు రాత్రులకి సరిపడా ఉండాలి, అంటే 312. బ్యాటరీని పూర్తిగా ఊడ్చేయకుండా ఎనభై శాతమే వాడాలనుకుంటే 390 కావాలి. తొందరపడి కొన్న 30 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉన్నది 384. అలా అది వృథా కాలేదు, నా పరువూ దక్కింది.

ప్యానెల్‌ని మాత్రం చలికాలం లెక్కతో కొనకూడదు. వానాకాలం మబ్బుల్లో మూడున్నర గంటలే అనుకున్నాం. అందులోనూ నూటికి డెబ్బై లెక్కన 64 వాట్లుంటే ఏ రోజుది ఆ రోజుకి సరిపోతుంది, కానీ ఒక్కరోజు ఎండ లేకపోతే ఆ లోటు ఎప్పటికీ పూడదు. 80 వాట్లదైతే రోజుకి 40 వాట్ అవర్లు మిగులుతాయి, ఒక చీకటి రోజు లోటు తీరడానికి నాలుగు రోజులు పడుతుంది. 100 వాట్లదైతే రెండు రోజులు చాలు. అందుకే 100 తీసుకున్నాం. స్తంభం పైన వేరే బ్రాకెట్ మీద, దక్షిణానికి కాస్త వాల్చి బిగించాం. పాత డబ్బాలో ఆ వీలు లేదు. లైటు రోడ్డు వైపు తిరిగితే ప్యానెల్ కూడా అటే తిరగాలి.

బ్యాటరీలో ఎంత మిగిలిందో వోల్టేజీ చూసి చెబుదామంటే ఈ లిథియం రకంలో కుదరదు. ముప్పావు వంతు ఉన్నా, పావు వంతు ఉన్నా దాదాపు ఒకే వోల్టేజీ చూపిస్తుంది. అందుకని ఒక పనిచేశాం. నిండా చార్జ్ అయిన మర్నాడు మా బావమరిది నిచ్చెనెక్కి, ప్యానెల్ మీద యూరియా సంచులు కప్పి తాడుతో కట్టాడు. "ఎండకి పాడవుతుందనా నాయనా కప్పుతున్నారు?" అని ఒక పెద్దమ్మ అడిగింది. చుక్క ఎండ తగలకుండా ఆ రాత్రి కూడా తెల్లారేదాకా వెలిగింది. సంచులు తీసేశాం.

ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు రాత్రి పది కాకముందే లైటు ఆరిపోయింది, తెల్లారి అందరూ ఫోన్ లైట్లేసుకుని పాలు పోశారు. ఆ మూడు రోజుల కోసం ఇంకో బ్యాటరీ కొందామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు ముసురు మొదలైన సాయంత్రమే రిమోట్ తీసుకెళ్లి రాత్రంతా 6 వాట్లకి పెట్టేస్తున్నాను. 156 బదులు 72తో సరిపోతోంది. క్యాను మూత, కొలత గిన్నె కనిపించడానికి ఆ వెలుతురు చాలు.