412 వరుసల్లో ఎంతమంది మనుషులు?

మూడు గంటల వర్క్‌షాప్ అది. కొందరు హాల్లో కూర్చున్నారు, మిగతావాళ్ళు జూమ్‌లో చూశారు. నిధులిచ్చిన సంస్థకు రిపోర్టు రాసే పని నాకు పడింది. హాల్లో సంతకాలు 96, జూమ్ నుంచి దించిన ఫైల్లో 412 వరుసలు. మా మేడమ్ ఆ రెండూ చూసి, "మొత్తం 508 మంది అని వేసెయ్యండి, సరిపోతుంది" అన్నారు. అంతకు ముందు ఏడాది హాల్లో మాత్రమే జరిపినప్పుడు 120 మంది వచ్చారు. 508 అని రాస్తే ఏడాదిలో నాలుగు రెట్లు పెరిగామని చెప్పినట్టే. నాకు మనసొప్పలేదు. రెండు రోజులు టైమ్ ఇవ్వమని అడిగాను.

హాలు లెక్క త్వరగానే తేలింది. సంతకాల్లో వక్తలవీ, వాలంటీర్లవీ కలిపి 11 ఉన్నాయి. అవి తీసేస్తే 85.

చిక్కంతా ఆన్‌లైన్ దగ్గరే. ఆ ఫైల్లో ఒక్కో వరుస ఒక్కో మనిషి కాదు, ఒక్కోసారి లోపలికి రావడం. నెట్ పోయి మళ్ళీ వస్తే ఇంకో వరుస పడుతుంది. Show unique users అని టిక్ పెట్టి మళ్ళీ దించితే 231కి తగ్గింది. అప్పటికీ అనుమానం పోలేదు. ఒకావిడ పేరు పక్కన మొత్తం 322 నిమిషాలని ఉంది. కార్యక్రమమే 180 నిమిషాలైతే ఆవిడ 322 నిమిషాలు ఎలా చూస్తారు? మొదటి ఫైల్ తెరిచి ఆవిడ వరుసలు చూశాను. ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ ఒకేసారి ఉన్నారు, ఆ రెండు సమయాలూ కలిసిపోయాయి. అంటే టిక్ పెట్టిన ఫైల్లో నిమిషాలను గుడ్డిగా నమ్మకూడదు. పైగా అందులో ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అన్న వివరం ఉండదు, కాబట్టి రెండు ఫైళ్ళూ దాచుకోవాల్సిందే.

ఇక పేర్ల మీద పడ్డాను. ఇంటిపేరు ముందు రాసినవాళ్ళే రెండోసారి వెనక రాశారు. కొందరి పేరు ఫోన్ మోడల్ పేరే. రిజిస్ట్రేషన్ ఈమెయిల్‌తో పోల్చి ఒక్కొక్కటీ కలుపుతూ పోతే 198 మిగిలాయి. హాల్లో తెరకు పెట్టిన మా ల్యాప్‌టాప్, మా టీమ్ లాగిన్లు కలిపి 6 తీసేశాను. తర్వాత సంతకాల షీట్‌తో పోలిస్తే మరో 14 మంది బయటపడ్డారు. వాళ్ళు హాల్లో కూర్చునే, చాట్‌లో ప్రశ్నలు అడగడానికి ఫోన్‌లో కూడా చేరారు. వాళ్ళను హాలు లెక్కలోనే ఉంచాను. ఆన్‌లైన్‌లో 178 మంది తేలారు. అందులో 37 మంది పది నిమిషాలు కూడా ఉండలేదు.

ఇక్కడే నాకు ఒక విషయం గట్టిగా తగిలింది. ఆన్‌లైన్‌వాళ్ళను నిమిషాలతో కొలుస్తున్నాం. హాల్లోవాళ్ళకు మాత్రం పొద్దున పెట్టిన సంతకమొక్కటే సాక్ష్యం. సంతకం పెట్టి టీ తాగి వెళ్ళిపోయినా పూర్తిగా హాజరైనట్టే. ఇది ఆన్‌లైన్‌వాళ్ళకు అన్యాయం. అదృష్టవశాత్తు ఒక వాలంటీరు 10:45కీ 12:30కీ కుర్చీల్లో ఉన్నవాళ్ళను లెక్కపెట్టి రాసి ఉంచాడు: 78, 61. సరిగ్గా అదే క్షణంలో ఆన్‌లైన్‌లో ఎంతమంది ఉన్నారో చూస్తే రెండూ ఒకే కొలత మీదికి వస్తాయి. శుభ్రం చేసిన పట్టికలో ఒకే మనిషి సమయాలు ఒకదానిమీదొకటి పడితే కలిపేసి, C కాలమ్‌లో వచ్చిన సమయం, D కాలమ్‌లో వెళ్ళిన సమయం, H1లో కావలసిన క్షణం పెట్టాను.

```
=COUNTIFS(C:C,"<="&$H$1,D:D,">="&$H$1)
```

10:45కి 104, 12:30కి 92 వచ్చాయి. ముందు కలపకుండా ఇదే ఫార్ములా వేస్తే ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ విడివిడిగా లెక్కలోకి వస్తాయి, జాగ్రత్త.

ఒక లాగిన్ నుంచి చాట్‌లో "ఇక్కడ ఎనిమిది మందిమి చూస్తున్నాం" అని రాశారు. వాళ్ళను కలపాలని నాకూ ఉంది. కానీ వాళ్ళు చెప్పారు కాబట్టి తెలిసింది. మిగతా లాగిన్ల వెనక ఎంతమందో తెలియదు. ఒక లాగిన్‌గానే లెక్కించి, ఆ మాటను కింద నోట్‌గా రాశాను.

రిపోర్టులో చివరికి ఇలా పెట్టాను: హాల్లో 85 మంది, ఆన్‌లైన్‌లో 178 మంది, వారిలో కనీసం పది నిమిషాలు ఉన్నవారు 141. ఆ కిందనే రెండు సమయాల లెక్క. పది నిమిషాల గీత డేటా చూశాకే పెట్టామని కూడా రాశాను.

మేడమ్ చదివి, "మొత్తం ఎంత?" అన్నారు. రెండుచోట్లా ఉన్నవాళ్ళను ముందే తీసేశాం కాబట్టి కలపొచ్చు మేడమ్, 263 అన్నాను. కాసేపు ఆలోచించి, పోయినేడాది 120 పక్కన 85 పెట్టి, 178ని వేరే వరుసలో రాయమన్నారు.