36 సెట్ల లక్క గాజులు, ఒక కిటికీ, ఒక ఫోను: నా అనుభవం

లాడ్ బజార్ లక్క గాజులను ఫోటో తీయడం చీరను తీసినంత సులువు కాదు. లక్క పైన నిగారింపు ఉంటుంది, దాని మీద పొదిగిన ప్రతి రాయీ ఒక చిన్న అద్దం. ఎదురుగా ఏముంటే అది అందులో కనబడుతుంది: కిటికీ గ్రిల్లు, పైన ట్యూబ్‌లైటు, ఫోను పట్టుకున్న చేయి, వేసుకున్న చొక్కా రంగు కూడా. ఆన్‌లైన్‌లో అమ్మడానికి 36 సెట్లు, అన్నీ 2.6 సైజువే, ఫోనుతోనే తీశాను. అందులో ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో వరుసగా రాస్తున్నాను.

ముందు వెలుతురు సంగతి. ఉత్తరం వైపు కిటికీ ఎంచుకున్నాను, ఎండ నేరుగా పడదని. అయితే హైదరాబాద్‌లో ఈ లెక్క ఏడాది పొడవునా నిలవదు. ఎండాకాలంలో సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా పొడుస్తాడు, పడమరకు కాస్త ఉత్తరంగా కుంగుతాడు. అందుకని ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి కూడా ఏటవాలు ఎండ వస్తుంది. పదిన్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా పని పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

గదిలో లైట్లన్నీ ఆర్పేయాలి. కిటికీ వెలుతురు కాస్త నీలం, బల్బు వెలుతురు పసుపు. రెండూ కలిస్తే గాజుకు ఒక పక్క ఒక రంగు, మరో పక్క ఇంకో రంగు వస్తుంది. తర్వాత ఎడిటింగ్‌లో ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. పచ్చటి దోమల జాలీ ఉంటే దాన్ని కూడా జరపాలి. తెల్ల రాళ్లలో పచ్చదనం ఎక్కడి నుంచి వస్తోందో తెలియక చాలా సేపు వెతికాక, చివరికి జాలీ దొరికింది.

గ్రిల్లుకు మందు ట్రేసింగ్ పేపరు. మొదటి ఫోటోలో ఎర్ర గాజు మీద నిలువుగా నల్ల గీతలు వచ్చాయి. లక్క పగిలిందేమో అనుకునేలా ఉన్నాయి, తీరా చూస్తే అవి గ్రిల్లు కమ్మీలు. గ్రిల్లుకు ఒక జానెడు ఇవతల, బట్టలారేసే తాడుకు ట్రేసింగ్ పేపరు క్లిప్పులతో వేలాడదీశాను. గ్రిల్లుకు అంటించేస్తే కమ్మీల నీడ కాగితం మీద అలాగే పడుతుంది, అందుకే ఆ ఎడం. అప్పుడు గాజులో కమ్మీలకు బదులు ఒకే తెల్లటి మెత్తని మెరుపు పట్టీ కనబడింది. నిగారింపు అర్థమయ్యేది ఆ పట్టీ వల్లే.

దీనికో నష్టం ఉంది: మెత్తని వెలుతురులో రాళ్ల తళుకు చచ్చిపోతుంది. తళుకు కావాలంటే వెలుతురు సన్నగా రావాలి. కాగితాన్ని ఒక అంచున రెండు వేళ్ల వెడల్పు తెరిచి ఉంచితే రాళ్లలో చుక్కల్లా మెరుపు తిరిగి వచ్చింది. ఫోను టార్చి కూడా వేసి చూశాను. మెరిసింది గానీ దాని రంగు వేరు, పైగా వెనకాల గట్టి నీడ.

బల్ల కిటికీకి రెండడుగుల దూరంలో, కిటికీ ఎడమ పక్కన వచ్చేలా వేశాను. కుడి పక్క చీకటి పడకుండా ఒక థర్మాకోల్ షీటు నిలబెట్టాలి, గాజుకు జానెడు దూరంలో. వెనక తెల్ల చార్టు. దాన్ని గోడకు అంటించి, మడత పడకుండా వంపు తిప్పుతూ బల్ల మీదికి దించాలి. మడత పడితే ఫోటోలో అడ్డంగా బూడిద గీత వస్తుంది. మెరిసే చార్టు తీసుకోవద్దు, దాని మీద గాజు నీడతో పాటు కిటికీ కూడా కనబడుతుంది.

తెల్ల రాళ్ల సెట్లు తెల్ల చార్టులో కలిసిపోతాయి. వాటికి మాత్రం రెండు పక్కలా, ఫ్రేములో పడనంత దూరంలో నల్ల చార్టు ముక్కలు నిలబెట్టాను. అంచుల్లో ఆ నలుపు సన్నగా ప్రతిఫలించి, గాజు గుండ్రం తేటగా కనబడింది.

ఇక ఫోను. దగ్గరికి తీసుకెళ్తే గాజు గుండ్రం చెడిపోతుంది. పడుకోబెట్టిన గాజును ఏటవాలుగా 20 సెంటీమీటర్ల నుంచి తీస్తే, దగ్గరి అంచు అవతలి అంచు కంటే పావు వంతుకు మించి పెద్దగా కనబడుతుంది. 50 సెంటీమీటర్లకు జరిగి 2x జూమ్ పెడితే ఆ తేడా పదో వంతుకు దిగుతుంది. 2x కొన్ని ఫోన్లలో కత్తిరింపే, అయినా 12 మెగాపిక్సెళ్ల బొమ్మలో పావు భాగం మిగులుతుంది. చతురస్రంగా కత్తిరించినా పక్కకు సుమారు 1500 పిక్సెళ్లు ఉంటాయి. అమెజాన్‌లో జూమ్ పనిచేయడానికి పెద్ద వైపు 1000 పిక్సెళ్లు చాలు. మాక్రో మాత్రం ఆపేయాలి. చాలా ఫోన్లలో దగ్గరికి వెళ్లగానే అది వైడ్ లెన్సుకు మారిపోతుంది, మనకు తెలియనే తెలియదు.

తెల్ల చార్టు బూడిద రంగులో వస్తే భయపడొద్దు. ఫ్రేమంతా తెలుపే ఉంటే, కెమెరా దాన్ని వెలుతురు ఎక్కువైన దృశ్యం అనుకొని చీకటి చేస్తుంది. ఐఫోన్‌లో గాజు మీద వేలు నొక్కి పట్టుకుంటే AE/AF LOCK వస్తుంది, అంటే వెలుతురు, ఫోకస్ అక్కడే నిలిచిపోతాయి, తర్వాత సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపాలి. ఆండ్రాయిడ్‌లో Pro మోడ్ ఉంటే ISO 100, షట్టర్ 1/30 దగ్గర మొదలుపెట్టి, చార్టు తెల్లగా అయ్యేదాకా షట్టర్ నెమ్మది చేయాలి. తెలుపు రంగును సరిచేసే WB 5500 దగ్గర మొదలుపెట్టి, చార్టు నీలంగా ఉంటే అంకె పెంచాలి. వెలుతురు ఎంతదాకా పెంచాలన్నది రాళ్లే చెబుతాయి. తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు రాయి కోణాలు మాయమై తెల్ల మచ్చ అయితే, ఒక మెట్టు వెనక్కి రావాలి.

ఎరుపు ఇంకా మోసం చేస్తుంది. మిగతా ఫోటో బాగున్నట్టే ఉంటుంది గానీ, ఎర్ర లక్క మీది గీతలు, చుక్కలు కలిసిపోయి రంగు పూసిన ప్లాస్టిక్‌లా కనబడుతుంది. ఎర్ర సెట్లకు వెలుతురు కాస్త తగ్గించి తీసి, తెలుపును ఎడిటింగ్‌లో పెంచాను. అమెజాన్ మొదటి ఫోటోకు RGB 255, 255, 255, అంటే అచ్చ తెలుపే కావాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. కెమెరాలోనే చార్టును అంత తెల్లగా లాగితే గాజు అంచు కరిగిపోతుంది.

36 ఫోటోలూ ఒకే వరుసలో కనబడాలంటే స్టాండు కదలకూడదు. స్టాండు కాళ్ల చుట్టూ బల్ల మీద టేపు అంటించాను. గాజు ఉండాల్సిన చోట చార్టు మీద పెన్సిల్‌తో చిన్న చుక్కలు రెండు పెట్టాను. అవి గాజు కింద దాగిపోతాయి. గ్రిడ్ గీతలు ఆన్ చేసి, మొదటి సెట్టు పై అంచు ఏ గీతకు తగిలిందో చూసుకొని, మిగతావన్నీ అక్కడికే తెచ్చాను. నిలబెట్టి తీయాల్సిన గాజుకు వెనక చిన్న డబుల్ సైడ్ టేపు ముక్క పెడితే దొర్లదు. నొక్కడానికి మూడు సెకన్ల టైమర్ వాడాలి, వేలితో తాకితే ఫోను కొద్దిగా కదిలి ఫ్రేము జారుతుంది. ప్రతి గాజునూ కళ్లద్దాల గుడ్డతో తుడిచి, తర్వాత అంచు పట్టుకునే పెట్టాలి. వేలిముద్ర లక్క మీద చాలా స్పష్టంగా పడుతుంది.

లాక్ వేసి తీసేటప్పుడు మబ్బు వస్తే చార్టు మళ్లీ బూడిదవుతుంది, లాక్ దానంతటది మారదు. పది సెట్లకోసారి మొదటి గాజునే పెట్టి ఒక ఫోటో తీసి, మొదటిదాంతో పోల్చాను. 20వ సెట్టు తర్వాత తేడా కనబడింది, షట్టర్ 1/30 నుంచి 1/20కి మార్చాల్సి వచ్చింది. ఆ పోలిక ఫోటో లేకపోతే చివరి 16 సెట్లూ మబ్బుగా ఉన్నాయని అప్‌లోడ్ చేశాకే తెలిసేది.

రంగు సరిచూడటానికి గాజును కిటికీ దగ్గరే ఫోను పక్కన పెట్టి చూశాను. తెర డిస్‌ప్లే సెట్టింగులో రంగులు పెంచే మోడ్ ఉంటే ముందు దాన్ని Natural చేయాలి, లేకపోతే మనం దిద్దేది తెర రంగునే. తయారైన ఫైళ్లను లిస్టింగ్ పెట్టే వాళ్లకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాను. ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, అంతసేపు కాపాడిన రాళ్ల కోణాలు అక్కడే పోతాయి.