రాత్రి పది గంటల మాత్ర

మంగళవారం రాత్రి అన్నం ముందు కూర్చున్నాను, ఫోను మోగింది. "అన్నయ్యా, గురువారం నా విచారణ మీరే చేస్తారట కదా. మనవాళ్ళే కాబట్టి దిగులు పడవద్దని మా ఆయన అంటున్నారు."

ఇంగ్లండ్‌లో, మిడ్‌ల్యాండ్స్ ప్రాంతంలోని ఒక కేర్ హోమ్‌లో నేను డిప్యూటీ మేనేజర్‌ని. ఆ అమ్మాయిది ఒంగోలు దగ్గర ఊరు, నైట్ షిఫ్టులో సీనియర్ కేరర్. ఇక్కడికి వచ్చింది సంస్థ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ మీద. ఉద్యోగం పోతే సంస్థ పది పనిదినాల్లో వీసాలు చూసే హోమ్ ఆఫీసుకు తెలపాలి. ఆ తరువాత వీసా గడువును సాధారణంగా 60 రోజులకు కుదిస్తారు. ఆ గొంతులో వణుకు దేనికో నాకు తెలుసు. "అమ్మా, ఈ విషయం మనం ఫోనులో మాట్లాడుకోకూడదు. ఏమి చెప్పాలన్నా ఆ గదిలోనే చెప్పు" అని పెట్టేశాను. అన్నం సహించలేదు. మరునాడు ఉదయం ఆ ఫోను సంగతి మా మేనేజర్‌కు చెప్పి, తేదీ, సమయంతో సహా కాగితం మీద పెట్టించాను.

ఆరోపణ ఇది. ఒక రాత్రి పది గంటల మందుల వేళ ఇద్దరు పెద్దవాళ్ళకు మాత్రలు ఇచ్చినట్టు, ఎవరికి ఏ మందు ఎప్పుడు ఇచ్చామో రాసే మార్ చార్టులో ఆమె పొడి అక్షరాలున్నాయి. తెల్లవారి చూస్తే ఆ మాత్రలు బ్లిస్టర్ ప్యాక్‌లో అలాగే ఉన్నాయి. ఒకటి రక్తపోటుకు, ఇంకొకటి కొలెస్ట్రాల్‌కు. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు.

హెచ్.ఆర్. విభాగం నాకు పంపిన నోటీసు చిత్తుప్రతిలో "మందుల విషయంలో తీవ్ర నిర్లక్ష్యం, నమ్మకద్రోహం" అని ఒకే వాక్యం ఉంది. దానికి ఎవరైనా ఏమని సంజాయిషీ ఇస్తారు? వెనక్కు పంపాను. ఏ రాత్రి, ఏ గదులు, ఏ మందులు, చార్టులో ఏముంది, ప్యాక్‌లో ఏముంది అన్నీ రాయమన్నాను. ఆరోపణను రెండుగా విడదీయమన్నాను: ఇవ్వని మందుకు సంతకం పెట్టడం ఒకటి, కావాలని తప్పుడు రికార్డు సృష్టించడం ఇంకొకటి. మొదటిది పొరపాటు కావచ్చు, రెండోది ఉద్యోగం తీసేసేంత నేరం. రుజువైతే ఎంతవరకు వెళ్ళవచ్చో కూడా నోటీసులో ఉండాలి. చార్టు నకలు, ప్యాక్ ఫోటోలు, సాక్షుల వాంగ్మూలాలు జతచేసి అంతకుముందు శుక్రవారమే ఆమె చేతికిచ్చాము. ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో ఏకాస్ నియమావళి అంకె వేసి చెప్పదు. చదువుకుని సిద్ధపడేంత వ్యవధి ఉండాలంటుంది. ఏకాస్ అంటే ఇక్కడ ఉద్యోగ సంబంధాల తగాదాలు చూసే ప్రభుత్వ సంస్థ. దాని నియమావళిని అకారణంగా పక్కన పెట్టిన యజమాని కేసు ఓడితే, ట్రిబ్యునల్ పరిహారాన్ని 25 శాతం వరకు పెంచవచ్చు.

తోడు దగ్గర చిక్కు వచ్చింది. వార్నింగు గానీ అంతకు మించిన చర్య గానీ ఉండగల విచారణకు తోడు తెచ్చుకునే హక్కు 1999 నాటి చట్టం ఇచ్చింది. అయితే ఆ తోడు సహోద్యోగి అయినా కావాలి, యూనియన్ ప్రతినిధి అయినా కావాలి. ఆమె మొదట భర్తను తెస్తానంది, కుదరదన్నాము. అప్పుడు యూనియన్ ప్రతినిధి పేరు ఇచ్చింది. మా హోమ్‌లో ఆ యూనియన్‌కు గుర్తింపు లేదని హెచ్.ఆర్. అభ్యంతరం పెట్టింది, చట్టానికి ఆ గుర్తింపుతో పని లేదు. పైగా ఆయనకు గురువారం వీలుపడలేదు, తరువాతి మంగళవారానికి మార్చమన్నారు. మనం చెప్పిన రోజు మరునాటి నుంచి ఐదు పనిదినాల లోపు తగిన సమయం అడిగితే వాయిదా వేయాల్సిందే. శుక్రవారం, సోమవారం, మంగళవారం: మూడో రోజే. "కాలయాపన" అని విసుక్కున్నారు గానీ వేశారు.

ఆ మంగళవారం గదిలో ఐదుగురం ఉన్నాము. దర్యాప్తు చేసిన మేనేజర్ వేరు, నేను వేరు, నోట్సు రాసే అమ్మాయి ఇంకొకరు. నేను తెలుగువాడినని, ఆమె నాకు ఫోను చేసిందని మొదటే చెప్పి, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాను. లేదన్నారు.

పావుగంటకే తప్పు నేను చేశాను. "ఆ రాత్రి ఏమి జరిగింది?" అనగానే ఆమె కళ్ళనీళ్ళతో తెలుగులోకి దిగిపోయింది. నేను తల ఊపుతూ రెండు నిమిషాలు విన్నాను. యూనియన్ ఆయన పెన్ను బల్ల మీద పెట్టి, "మీ ఇద్దరి మధ్య ఏమి నడిచిందో నాకు గానీ, నోట్సులో గానీ లేదు" అన్నారు. సిగ్గు వేసింది. పది నిమిషాలు ఆపి, దుభాషి కావాలా అని అడిగాను. వద్దని, నెమ్మదిగా ఇంగ్లీషులో మళ్ళీ చెప్పింది. మధ్యలో ఒక ప్రశ్నకు ఆయనే జవాబు ఇవ్వబోయారు. తోడు వచ్చినవారు ఆమె తరఫున వాదన వినిపించవచ్చు, ఆమెతో గుసగుసగా సంప్రదించవచ్చు, చివర మాట్లాడవచ్చు. అడిగిన ప్రశ్నకు మాత్రం ఆమే చెప్పాలి. ఈసారి ఆపడం నా వంతు.

ఆమె చెప్పింది ఇదీ: మాత్రలు తీయకముందే ఇద్దరికీ సంతకాలు పెట్టేసింది, ఇంతలో ఎమర్జెన్సీ బెల్లు మోగింది, పన్నెండో గదిలో ఒకావిడ పడిపోయింది, తిరిగి వచ్చి చార్టులో సంతకాలు చూసి ఇచ్చేశాననుకుంది. దర్యాప్తు ఫైలులో బెల్లు ఊసే లేదు. విచారణ ఆపి, కాల్ బెల్ రికార్డు, ప్రమాదాల పుస్తకం తెప్పించాను. బెల్లు 10.08కి మోగింది, పడిపోయినట్టు నమోదు 10.10కి. రెండింటి నకళ్ళూ వాళ్ళ చేతికిచ్చి, చదివాకే మళ్ళీ మొదలుపెట్టాను. ఏటా జరగాల్సిన మందుల సామర్థ్య పరీక్ష ఆమెకు జరిగి పదిహేను నెలలైందని కూడా అప్పుడే బయటపడింది. అది ఆమె తప్పు కాదు, మాది.

ఆ సాయంత్రం ఇంకొక సంగతి. హెచ్.ఆర్. పంపిన మెయిలులో నిర్ణయం లేఖ అప్పటికే టైపు చేసి ఉంది: ఉద్యోగం నుంచి తొలగింపు, తేదీ ముందు గురువారానిది. విచారణ జరగకముందే తయారైన లేఖ! నమూనా మాత్రమే అన్నారు. నమూనాలో శిక్ష ఎందుకుంటుందని అడిగితే జవాబు లేదు. కేసు ట్రిబ్యునల్‌కు వెళితే ఇలాంటి మెయిళ్ళు కూడా బయటపెట్టాల్సి వస్తుందని గుర్తుచేసి, ఖాళీ కాగితం మీద మొదలుపెట్టాను.

నాలుగు పేజీలు వచ్చింది. మొదటి ఆరోపణ రుజువైంది. మాత్ర మింగడం కళ్ళారా చూశాకే సంతకం పెట్టాలన్నది మా నియమం, ముందే పెట్టానని ఆమే ఒప్పుకుంది. రెండోది రుజువు కాలేదు. ఏ రికార్డు చూసి ఆ మాటంటున్నానో రాశాను. శిక్ష ఆరు నెలలు అమలులో ఉండే మొదటి రాతపూర్వక వార్నింగు, మందుల శిక్షణ మళ్ళీ. ఇలాంటిది మరోసారి జరిగితే ఏమవుతుందో, అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో వేయాలో చివర పెట్టాను. వీసా సంగతి కారణాల్లో రాయలేదు. అయితే ఆ 60 రోజులు మనసులో లేకపోతే బెల్లు రికార్డు కోసం అంత పట్టు పట్టేవాడినా అని ఇప్పటికీ అనుకుంటుంటాను. వీసా గొడవ లేని స్థానికుల కేసులోనూ అంతే పట్టు పట్టాలి కదా.

లేఖతో పాటు నోట్సు నకలు కూడా ఇచ్చాను. అందినట్టు సంతకం చేసింది, "థాంక్యూ సార్" అంది. అన్నయ్య పోయి సార్ వచ్చాడు. వారం తిరగకుండా అప్పీలు వేసింది. ఏరియా మేనేజర్ విన్నారు. వార్నింగు నిలిచింది, మూడో పేజీలో బెల్లు సమయం 10.18 అని నేను తప్పు వేశానట, అది మాత్రం సరిదిద్దించారు.