శెనక్కాయ ఆకు మీద మచ్చలు, నల్లటి మాస్కు, డైస్ లాస్

కళ్యాణదుర్గం దగ్గర మా చిన్నాయన శెనక్కాయ చేలో తిక్క ఆకుమచ్చ తెగులు కనిపించింది. మచ్చలు ఆకులో ఎంత భాగం ఆక్రమించాయో ఫోటోలో ఒక్కో పిక్సెల్‌నూ చూసి చెప్పే యూ-నెట్ అనే మోడల్ చేద్దామని అనంతపురంలో రూములో కూర్చున్నా. మచ్చ ఉన్నచోటును గుర్తు పెట్టి, మిగతాదంతా నలుపుగా వదిలే మాస్కులు నేనే గీసుకున్నా, ఆ వారం కళ్ళు పోయాయనుకోండి.

మొదట పిక్సెల్‌వారీ క్రాస్ ఎంట్రపీతో ట్రైన్ చేశా. రెండో ఎపాక్‌కే అక్యూరసీ 99.5 శాతం! చిన్నాయనకు ఫోన్‌లో చెప్పి, మోడల్ ఇచ్చిన మాస్కు తెరిచి చూస్తే మొత్తం నలుపు. "ఏమప్పా, తెగులు పోయిందా?" అన్నాడు ఆయన.

లెక్క వేస్తే అర్థమైంది. 512×512 ముక్కలో 2,62,144 పిక్సెళ్ళు, అందులో మచ్చలవి 1,300 దాకా, అంటే అర శాతం. ఏమీ లేదని చెప్పేస్తే 99.5 శాతం రైటే కదా. లాస్, అంటే మోడల్ తప్పుల కొలత, అదీ 0.03 దగ్గర ఆగిపోయింది, ప్రతి పిక్సెల్‌కూ మచ్చ అయ్యే అవకాశం 0.005 అని కళ్ళు మూసుకుని చెప్పినా దాదాపు అంతే వస్తుంది. అంటే మోడల్ ఆకును చూడటం లేదు, సగటు చెబుతోంది. మచ్చ పిక్సెళ్ళ తప్పుకు ఎక్కువ బరువిచ్చే pos_weight 200 పెడితే మచ్చలు వచ్చాయి గానీ ఉబ్బిపోయి పక్కనున్న పచ్చదనాన్నీ మింగేశాయి.

అప్పుడు డైస్‌కి మారా. ఊహించిన మచ్చా అసలు మచ్చా కలిసిన భాగాన్ని రెట్టింపు చేసి, రెండింటి మొత్తంతో భాగిస్తారు. మోడల్ 1,000 పిక్సెళ్ళు చూపించి అందులో 800 సరైనవైతే 1600/2300, సుమారు 0.70. దాన్ని ఒకటిలోంచి తీసేస్తే లాస్. సరిగ్గా వదిలేసిన నేపథ్యం పిక్సెళ్ళకు ఇందులో మార్కులే లేవు, అందుకే అంతా నల్లగా ఇచ్చి తప్పించుకోలేదు.

```python
def dice_loss(logits, y, s=1.0):
    p = torch.sigmoid(logits)
    inter = (p * y).sum()
    return 1 - (2*inter + s) / (p.sum() + y.sum() + s)
```

ఇక్కడా దెబ్బ తిన్నా. మొదట ఒక్కో ఫోటోకి విడిగా లెక్కించా. మచ్చే లేని ఆరోగ్యమైన ఆకు వస్తే పైన మిగిలేది s ఒక్కటే, కింద మాత్రం ప్రతి పిక్సెల్‌లో 0.01 చొప్పున ఉన్నా కలిపితే 2,600 దాటుతుంది. దాంతో మోడల్ దాదాపు సరిగ్గానే ఉన్నా లాస్ 1 దగ్గరే ఉండేది, గ్రాఫు రంపంలా ఎగిరేది. బ్యాచ్‌లో ఉన్న ఫోటోలన్నిటికీ కలిపి లెక్కించాక (పైన కోడ్ అదే), దానికి కొంచెం క్రాస్ ఎంట్రపీ కూడా జోడించాక నెమ్మదించింది. ఆ నిలకడ కోసమే క్రాస్ ఎంట్రపీని పూర్తిగా తీసేయలేదు.

ఇంకోటి, నాలుగువేల పిక్సెళ్ళ వెడల్పున్న ఫోటోను 512కి కుదించకండి, ఇరవై పిక్సెళ్ళ మచ్చ రెండు మూడుకు వచ్చేస్తుంది, దాన్ని ఏ లాస్ కూడా వెనక్కి తేలేదు. నేను ముక్కలుగా కోశా.

ఇప్పుడు నేను విడిగా పక్కన పెట్టిన ఫోటోల్లో డైస్ 0.74. మచ్చ అంచు దగ్గర ఒక పిక్సెల్ అటూ ఇటూ అయినా చిన్న మచ్చకు స్కోరు బాగా పడిపోతోంది, అయినా ఆ అంచు గీసింది నేనే కదా, అర్ధరాత్రి నిద్రమత్తులో.